చెడ్డ ఏడాది తర్వాత "కొంచెం తగ్గించుకోవడం" అంటే నిజానికి ఎంత తగ్గించుకోవడం?

ప్రశ్న: నాకు 65 ఏళ్లు, ఈ ఏడాదే రిటైరయ్యాను. లెక్క సులువుగా ఉండటానికి మా నిధిని 1000 అనుకుంటే, ఇంటి ఖర్చు ఏడాదికి 80. అందులో 30 పెన్షన్ నుంచి వస్తుంది, మిగతా 50 నిధి నుంచి తీయాలి. ఎంత పొదుపు చేసినా 60 కంటే తక్కువలో ఇల్లు గడవదు. ఏటా ద్రవ్యోల్బణం కలుపుకుంటూ స్థిరంగా తీసుకోవడం కంటే, మార్కెట్ పడిన ఏడాది తర్వాత కొంచెం తగ్గించే గార్డ్‌రైల్ పద్ధతి మేలని విన్నాను. ఆ "కొంచెం" మేము భరించగలిగినంతేనా?

జవాబు:

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పెన్షన్ నిధుల లెక్కలే చూశాను. రిటైరై 11 ఏళ్లయింది, నా సొంత నిధిని ఈ పద్ధతిలోనే నడుపుతున్నాను. పద్ధతి మంచిదే. అయితే దీన్ని వివరించేవారు "చెడ్డ ఏడాదికి 10 శాతం కోత" అని చెప్పి ఊరుకుంటారు. ఆ 10 శాతం ఒక్కసారితో ఆగదు, కనిపించినంత చిన్నదీ కాదు. మీరు వేసిన ప్రశ్నకు జవాబు మీ పెన్షన్ స్వభావం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది కనుక, ముందు మీ అంకెలతోనే కొన్నేళ్ల లెక్క వేసి చూపిస్తాను.

పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. 1994లో అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అక్కడి పాత మార్కెట్ గణాంకాలను పరిశీలించి, మొదటి ఏడాది నిధిలో సుమారు 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ఏటా ద్రవ్యోల్బణం మేరకు పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లపాటు నిధి అయిపోలేదని తేల్చాడు. స్థిరంగా తీసుకునే పద్ధతికి మూలం అదే. అందులో ఉన్న చిక్కు ఏమిటంటే, మార్కెట్ ఏమైపోయినా తీసుకునే మొత్తం మారదు కాబట్టి అతి చెడ్డ కాలాన్ని దృష్టిలో పెట్టుకుని మొదటి నుంచే తక్కువ తీసుకోవలసి వస్తుంది. జోనథన్ గైటన్ 2004లోను, ఆ తర్వాత 2006లో విలియం క్లింగర్‌తో కలిసి, దానికి ప్రత్యామ్నాయంగా కొన్ని నిర్ణయ సూత్రాలను ప్రతిపాదించారు. అవసరమైనప్పుడు తగ్గడానికి ఒప్పుకునేవారు మొదట కాస్త ఎక్కువ తీసుకోవచ్చన్నది వాటి సారాంశం.

ఆ సూత్రాలలో మీకు పనికివచ్చేవి మూడు. ఏటా ఒక తేదీన, ఆ ఏడాది తీసుకోబోయే మొత్తాన్ని అప్పటి నిధి విలువతో భాగించి విత్‌డ్రాయల్ రేటు కట్టాలి. మీ విషయంలో మొదటి ఏడాది రేటు 5 శాతం. ఆ రేటు మొదటి రేటు కంటే ఐదో వంతు పైకి పోతే, అంటే 6 శాతం దాటితే, తీసుకునే మొత్తాన్ని 10 శాతం తగ్గించాలి. ఇది పై కంచె. రేటు ఐదో వంతు కిందికి దిగితే, అంటే 4 శాతం కంటే తగ్గితే, మొత్తాన్ని 10 శాతం పెంచుకోవచ్చు. ఇది కింది కంచె. ఇక మూడోది అందరూ మరిచిపోయేది: నిధి నష్టంతో ముగిసిన ఏడాది తర్వాత, రేటు మొదటి రేటు కంటే ఎక్కువగా ఉంటే, ఆ ఏడాదికి ద్రవ్యోల్బణపు పెంపు తీసుకోకూడదు. ఆ వదిలేసిన పెంపును తర్వాత ఎప్పుడూ తిరిగి కలుపుకోరు.

ఇప్పుడు మీ నిధికి ఒక గరుకైన ఆరేళ్ల కాలాన్ని ఊహిద్దాం. ఇది ఏ దేశపు చరిత్రా కాదు, నేను కల్పించినదే. కానీ స్టాకులూ బాండ్లూ కలిసిన నిధికి ఇలాంటి కాలం రావడం అసాధారణమేమీ కాదు. రాబడులు వరుసగా మైనస్ 14, ప్లస్ 4, మైనస్ 8, ప్లస్ 18, ప్లస్ 12, ప్లస్ 13 శాతం. ద్రవ్యోల్బణం 6, 5, 5, 4, 3, 3 శాతం. డబ్బు ప్రతి ఏడాది మొదట్లోనే తీసుకుంటారనుకుందాం.

మొదటి ఏడాది 50 తీస్తారు, 950 మిగులుతుంది, 14 శాతం పడి 817కు వస్తుంది. రెండో ఏడాది మొదట్లో లెక్క చూస్తే, నష్టపు ఏడాది కనుక ద్రవ్యోల్బణపు పెంపు పోయింది, అదే 50 తీయాలి. 50ని 817తో భాగిస్తే 6.1 శాతం వస్తుంది. కంచె దాటారు కనుక 10 శాతం కోత, తీసుకునేది 45. కాగితం మీద ఇది 10 శాతమే. కానీ ఆ ఏడాదిలో ధరలు 6 శాతం పెరిగాయి కాబట్టి ఆ 45కి వచ్చే సరుకు గత ఏడాది 42.5కి వచ్చినంతే. అంటే మీ చేతికి తగిలే కోత 15 శాతం. ఉద్యోగం చేసే రోజుల్లో నేను చూసిన వివరణల్లో సగానికి సగం ఈ రెండో భాగాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మూడో ఏడాదికి 45 తీయగా మిగిలిన 772, 4 శాతం పెరిగి 803 అవుతుంది. రాబడి వచ్చింది కనుక ద్రవ్యోల్బణం కలుపుకుని 47.25 తీస్తారు. రేటు 5.9 శాతం, కంచె లోపలే ఉంది. నాలుగో ఏడాదికి నిధి మళ్లీ పడి 695కు చేరుతుంది. పెంపు లేదు, 47.25కి రేటు 6.8 శాతం, రెండో కోత పడుతుంది. తీసుకునేది 42.5. ఈలోగా ధరలు మొదటి ఏడాదితో పోలిస్తే దాదాపు 17 శాతం పెరిగాయి కాబట్టి, ఆ 42.5 కొనుగోలు శక్తిలో మొదటి ఏడాది లెక్కన 36.4తో సమానం. 50 నుంచి 36.4కు, అంటే 27 శాతం తగ్గుదల. పడిన కోతలు రెండు, వదిలేసిన పెంపులు రెండు, గడిచింది మూడేళ్లు. "కొంచెం" అన్న మాటను నేనెందుకు పట్టుకున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

నాలుగో ఏడాది నుంచి మార్కెట్ బాగుపడుతుంది. ఐదో ఏడాది మొదట్లో నిధి 770, ఆరో ఏడాది 813, ఏడో ఏడాది 867. తీసుకునే మొత్తం కూడా ద్రవ్యోల్బణంతోపాటు 44.2, 45.6, 46.9గా పెరుగుతుంది. కానీ కొనుగోలు శక్తి ఆ 36.4 దగ్గరే ఆగిపోతుంది. ఏడో ఏడాది రేటు 5.4 శాతం, పై కంచెకూ కింది కంచెకూ మధ్య సుఖంగా ఉంది, అందువల్ల సూత్రం ఏమీ చేయమనదు. కింది కంచె తగిలి పెంపు రావాలంటే 46.9 తీసుకునేవారి నిధి 1173 దాటాలి, అంటే ఉన్న 867 మీద మూడో వంతుకు పైగా పెరగాలి. కోత ఒక్క ఏడాదిలో వస్తుంది, అది తీరడానికి పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. గార్డ్‌రైల్‌ను కారు రోడ్డు దిగకుండా ఆపే కమ్మీతో పోలుస్తారు గానీ, ఆ కమ్మీ తగిలాక కారు రోడ్డు మధ్యకు తిరిగి రాదని, కమ్మీ పక్కనే నడుస్తూ పోతుందని ఆ పోలికలో కనిపించదు.

ఇదంతా చదివి స్థిర పద్ధతే నయం అనుకోకండి. అదే ఆరేళ్లలో స్థిరంగా ద్రవ్యోల్బణం కలుపుకుంటూ పోతే ఏడో ఏడాది మీరు తీయవలసింది 64.5, అప్పటికి నిధిలో మిగిలేది 780. రేటు 8.3 శాతం. మీకు అప్పుడు 71 ఏళ్లు, ముందు ఇంకా 20, 25 ఏళ్లు ఉండవచ్చు. అంత రేటుతో సాగే నిధి ఆ వయసు నుంచి నిలవాలంటే మార్కెట్ చాలా దయ చూపాలి. స్థిర పద్ధతిలో బాధ లేదని కాదు, అది కనిపించకుండా పేరుకుని, ఇద్దరికీ 80 దాటాక, ఏమీ చేయలేని స్థితిలో ఒక్కసారిగా బయటపడుతుంది. గార్డ్‌రైల్ ఆ బాధను ముందుకు తెచ్చి వాయిదాల్లో కట్టిస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది: కోతను 10 నుంచి 5 శాతానికి తగ్గిస్తే సరిపోతుంది కదా అని. ఆ లెక్క కూడా మీ అంకెలతో వేశాను. రెండో ఏడాది 47.5 తీస్తారు. మూడో ఏడాది ద్రవ్యోల్బణం కలిపేసరికి కంచె మళ్లీ తగిలి 47.4 అవుతుంది, నాలుగో ఏడాది 45, ఐదో ఏడాది ద్రవ్యోల్బణం కలిపాక మరో కోతతో 44.5. ఐదో ఏడాదికి కొనుగోలు శక్తి 36.6. పెద్ద కోతలతో వచ్చిన 36.4కూ దీనికీ తేడా నామమాత్రం. రెండు పెద్ద మెట్లు దిగడానికి బదులు నాలుగు చిన్న మెట్లు దిగి అదే గదికి చేరుకున్నట్టు. చిన్న మెట్లకు విలువ లేదనను. సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది, మార్కెట్ త్వరగా తేరుకుంటే మూడో మెట్టు, నాలుగో మెట్టు తప్పిపోవచ్చు కూడా. అయితే పతనం సాగినప్పుడు చివరికి ఎక్కడ ఆగుతారన్నది మెట్టు ఎత్తును బట్టి కాక కంచె ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది.

తక్కువతో మొదలుపెట్టినా కోత తప్పదు, ఇది చాలామందికి వింతగా తోస్తుంది. 45తో, అంటే 4.5 శాతంతో మొదలుపెట్టారనుకోండి. కంచె కూడా దాని మీద ఐదో వంతు పైన, 5.4 దగ్గర ఉంటుంది. రెండో ఏడాది నిధి 821, రేటు 5.5 శాతం, అదే ఏడాది కోత పడుతుంది. మీరు ఎంతతో మొదలుపెట్టారన్నదానితో పని లేకుండా, తీసిన మొత్తం కూడా కలిపి నిధి ఆరో వంతు తరిగితే పై కంచె తగులుతుంది. అది కంచెను నిష్పత్తిలో కట్టడం వల్ల వచ్చే ఫలితం. 4.5 శాతంతో మొదలుపెట్టిన వ్యక్తి నాలుగో ఏడాదికి 38.3కు దిగిపోతాడు, అంటే 5 శాతంతో మొదలుపెట్టినవారికంటే తక్కువ. నిధి ఆరోగ్యం బాగుండవచ్చు, కానీ అవసరం లేని చోట కూడా కోత పడింది. కాబట్టి ముందుజాగ్రత్తతో తక్కువ తీసుకునేవారు కంచెను మాత్రం నిష్పత్తి ప్రకారం కిందికి లాగకుండా 6 దగ్గరే ఉంచుకోవాలని నా అభిప్రాయం.

ఇక మీ అసలు సందేహం, ఆ తగ్గుదలను మీ ఇల్లు భరించగలదా అన్నది. కోత పడేది నిధి నుంచి తీసే 50 మీద మాత్రమే, ఇంటి ఖర్చు మొత్తం 80 మీద కాదు. మీ పెన్షన్ ఏటా ద్రవ్యోల్బణం మేరకు పెరిగేదైతే, నాలుగో ఏడాది మీ మొత్తం ఆదాయం మొదటి ఏడాది విలువలో 30, 36.4 కలిపి 66.4. మీరు చెప్పిన 60 కంటే ఇంకా 6 పైనే ఉంది. ప్రయాణాలు, బహుమతులు, కారు మార్చడం లాంటివి ఆగుతాయి, ఇల్లు ఆగదు. అలాంటి పెన్షన్ ఉంటే ఈ పద్ధతిని నిస్సంకోచంగా అనుసరించవచ్చు.

పెన్షన్ పెరగని రకమైతే కథ మారుతుంది, నెమ్మదిగా మారుతుంది కనుక గుర్తించడం కష్టం. ధరలతోపాటు మీ 60 కూడా పెరుగుతుంది, పెన్షన్ మాత్రం 30 దగ్గరే ఉంటుంది, ఆ తేడా మొత్తం నిధి మీద పడుతుంది. నాలుగో ఏడాది తప్పనిసరి ఖర్చు 70.1, పెన్షన్ పోగా నిధి నుంచి కావలసింది 40.1, మీరు తీస్తున్నది 42.5. మిగులు 2.4. ఐదో ఏడాది మిగులు 1.3, ఆరో ఏడాది 0.4. ఏడో ఏడాది తప్పనిసరి ఖర్చు 77.4, నిధి నుంచి కావలసింది 47.4, సూత్రం తీసుకోమనేది 46.9. అంటే వరుసగా మూడేళ్లు మార్కెట్ పెరిగాక, కొత్తగా ఏ కోతా పడని ఏడాదిలో, ఇంటి ఖర్చు సరిపోకుండా పోయింది. నిధి రేటు 5.4 శాతం దగ్గర ఆరోగ్యంగా కనిపిస్తూనే ఉంది. నా దగ్గరకు లెక్కలు పట్టుకుని వచ్చిన ఒక పాత సహోద్యోగికి సరిగ్గా ఇదే జరిగింది. మార్కెట్ పడిన ఏళ్లలో బాగా నెట్టుకొచ్చిన మనిషి, అంతా సద్దుమణిగాక ఎందుకు ఇబ్బంది పడుతున్నాడో ఆయనకే అర్థం కాలేదు.

అందుకే ఏటా ఒక రేటు కాదు, రెండు రేట్లు కట్టమంటాను. మొదటిది మామూలు విత్‌డ్రాయల్ రేటు. రెండోది తప్పనిసరి రేటు: ఆ ఏటి తప్పనిసరి ఖర్చులోంచి పెన్షన్ లాంటి ఇతర ఆదాయాన్ని తీసేసి, మిగిలినదాన్ని నిధితో భాగించాలి. మీకు మొదటి ఏడాది అది 3 శాతం. పైన చెప్పిన కాలంలో, పెన్షన్ పెరగకపోతే, ఏడో ఏడాదికి అది 5.5 శాతం అవుతుంది. పెన్షన్ ద్రవ్యోల్బణంతో పెరిగేదైతే 4.5 దగ్గర ఆగుతుంది. మామూలు రేటు 5 నుంచి 5.4కు కదిలిన కాలంలోనే రెండో రేటు దాదాపు రెట్టింపయిందని గమనించండి. మొదటి రేటును మాత్రమే చూసేవారికి ఆ కదలిక కనిపించదు.

ఈ రెండూ చేతిలో ఉన్నాక నేను సూత్రాన్ని రెండు చోట్ల మారుస్తాను. కోత పడినప్పుడు తీసుకునే మొత్తం తప్పనిసరి అవసరం కంటే కిందికి ఎప్పుడూ పోనివ్వను. ఏడో ఏడాది మీరు 46.9 కాక 47.4 తీసుకోవాలి. ఆ అర యూనిట్ వల్ల నిధికి జరిగే హాని ఏమీ లేదు, దాన్ని ఆదా చేయడానికి మందులో, బీమా ప్రీమియమో వాయిదా వేయడంలో అర్థం లేదు. రెండో మార్పు తిరుగు ప్రయాణానికి సంబంధించినది. ఒకసారి కోత పడినవారికి కింది కంచె అయిన 4 శాతం వరకు ఆగమనడం అన్యాయంగా తోస్తుంది. రేటు మొదటి రేటుకు, అంటే మీకు 5 శాతానికి, తిరిగి వచ్చిన ఏడాది ఒక కోతను వెనక్కి ఇచ్చుకోవచ్చు. ఏడో ఏడాది అంకెల ప్రకారం అందుకు నిధి 938 ఉంటే చాలు, 1173 అవసరం లేదు. కోత వెనక్కి తీసుకున్నాక రేటు సుమారు 5.6 అవుతుంది, పై కంచెకు ఇంకా కొంత ఎడం ఉంటుంది. ఒక ఏడాదిలో ఒక కోతను మించి వెనక్కి ఇవ్వకూడదు, మంచి ఏడాది వచ్చిందని పాత కోతలన్నీ ఒక్కసారిగా తీర్చుకున్నవారికి మరుసటి పతనంలో కంచె వెంటనే తగులుతుంది.

మొదటి మార్పుకు ఒక హద్దు కూడా ఉండాలి, లేకపోతే ఇది చాటుగా స్థిర పద్ధతిగా మారిపోతుంది. తప్పనిసరి రేటే 70 ఏళ్ల ప్రాంతంలో 6.5 శాతం దాటుతూ ఉంటే, ఖర్చుల్లో కోతలు ఇక పనిచేయవు, కోయడానికి ఏమీ మిగల్లేదు కనుక. అప్పుడు చేయవలసింది వేరే రకం పని: చిన్న ఇంటికి మారడమో, నిధిలో కొంత భాగంతో జీవితాంతం చెల్లించే యాన్యుటీ కొనడమో, తీరని అప్పు ఉంటే దాని సంగతి చూడటమో. ఆ 6.5 అన్నది నా అంచనా. 85 ఏళ్ల వ్యక్తికి అదే రేటు పెద్ద ప్రమాదం కాదు, ఎందుకంటే ఆ నిధి నిలవవలసిన ఏళ్లు తక్కువ. ఈ కారణంగానే గైటన్, క్లింగర్ కూడా ప్రణాళికలో చివరి 15 ఏళ్లకు కోత సూత్రాన్ని వర్తింపజేయలేదు. 65లో పెట్టిన 6 శాతం కంచెను 80 దాటాక కూడా అలాగే ఉంచి, అనవసరంగా కడుపు మాడ్చుకున్నవారిని నేను చూశాను.

లెక్క కట్టడంలో జరిగే పొరపాట్లలో రెండే చెబుతాను. మొదటిది, నిధి అంటే ఏది అన్న విషయం. మీరు డబ్బు తీసే ఖాతాలన్నీ, పక్కన పెట్టిన నగదుతో సహా, కలపాలి. ఉండే ఇంటిని కలపకూడదు. కొందరు రెండేళ్ల ఖర్చును బ్యాంకులో విడిగా ఉంచి, దాన్ని నిధిలో లెక్కించరు. అలా చేస్తే రేటు ఎక్కువగా కనిపించి, పడవలసిన అవసరం లేని కోత పడుతుంది. తీసే మొత్తంలో పన్ను కూడా ఉండాలి, చేతికి వచ్చేది మాత్రమే కాదు.

రెండోది ఇంకా రాని ఆదాయం. మీ భార్యకో మీకో మరో పెన్షన్ నాలుగేళ్ల తర్వాత మొదలవుతుందనుకోండి, ఏడాదికి 15 వస్తుందనుకోండి. ఈ నాలుగేళ్లూ నిధి నుంచి కావాలనే ఎక్కువ తీస్తారు, రేటు ఎక్కువగా ఉండటం ప్రమాద సూచన కాదు, ప్రణాళికలో భాగం. అయినా సూత్రానికి ఆ సంగతి తెలియదు, అది కోత వేస్తుంది. దీనికి విరుగుడు తేలిక: ఆ నాలుగేళ్ల లోటు 60ని మొదటే విడిగా తీసి, మార్కెట్‌తో సంబంధం లేని చోట ఉంచి, మిగిలిన 940 మీద, మామూలు అవసరంతో రేటు కట్టాలి. పైన నగదును కలపమన్నాను కదా అనవచ్చు. ఆ నగదు నిత్య ఖర్చు కోసం, ఇది ఒక గడువు ఉన్న లోటు కోసం. రెండింటి స్వభావం వేరు.

ఈ పద్ధతికి అతి కఠిన పరీక్ష ఒక్క ఏడాది పతనం కాదు, ద్రవ్యోల్బణంతో కలిసి సాగే నీరసమైన మార్కెట్. అమెరికా గణాంకాలలో 1966 ప్రాంతంలో రిటైరైనవారి పరిస్థితిని అందుకే ఉదాహరణగా చూపుతారు: కొన్నేళ్లు మార్కెట్ ఎక్కడిదక్కడే ఉండి, 1973, 1974లలో స్టాకుల విలువ దాదాపు సగానికి పడి, అదే సమయంలో ధరల పెరుగుదల రెండంకెలకు చేరింది. అలాంటి కాలంలో రెండు కోతలతో ఆగదు, కొనుగోలు శక్తిలో సగం వరకు పోవచ్చని ఈ సూత్రాలను విమర్శించేవారు అంటారు. ఆ విమర్శ న్యాయమైనదే. నిధి అయిపోలేదన్న ఒక్క కొలత మీద పద్ధతి గెలిచినట్టు చూపిస్తే, ఆ గెలుపు ఎవరి వంటింట్లోంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలిపోతుంది.

నిర్ణయం తీసుకునే రోజు గురించి ఒక మాట. ఏడాదికి ఒకే తేదీ పెట్టుకోండి, మధ్యలో చూడకండి. నా మొదటి కోత పడవలసిన ఏడాది నేను లెక్కను వారం వాయిదా వేశాను, మార్కెట్ ఆ వారంలో కొంచెం లేస్తుందని. లేవలేదు, ఇంకా పడింది. ఆ తర్వాత నుంచి అంకెలు నా భార్య చదువుతుంది, నేను రాస్తాను. ఏ ఖర్చులు మొదట ఆగాలో వాటి జాబితా కూడా మంచి ఏడాదిలోనే రాసిపెట్టుకున్నాం, ఎందుకంటే కోత పడిన రోజున ఇద్దరిలో ఎవరి ఇష్టం ముందు ఆగాలన్నది మాట్లాడుకోవడం చాలా కష్టం.

మీ విషయంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది, పెన్షన్ ఇచ్చేవారి నిబంధనల్లో ఆ 30 ఏటా పెరుగుతుందా, పెరిగితే ధరలతో సమానంగానా, లేక నిర్ణీత శాతమేనా, మీ తర్వాత మీ జీవిత భాగస్వామికి అందులో ఎంత వస్తుంది అన్నవి. సమానంగా పెరిగేదైతే 50తో, 6 శాతం కంచెతో నిశ్చింతగా మొదలుపెట్టండి. పెరగనిదైతే 50 బదులు 46తో మొదలుపెట్టి, కంచెను 6 దగ్గరే ఉంచి, ఏటా తప్పనిసరి రేటును మొదటి వరుసలో రాసుకోండి. తగ్గించిన ఆ 4 వల్ల చివరికి ఆగే చోటు పెద్దగా మారదు, అది కంచెను బట్టి తేలుతుందని పైన లెక్కల్లో చూశారు. కానీ తప్పనిసరి ఖర్చు మొదటి ఏడాది విలువలో 60కి మించి పాకకుండా చూసుకోవడం మార్కెట్ ఇంకా మంచిగా ఉన్న రోజుల్లోనే అలవాటవుతుంది. పెన్షన్ పెరగని ఇంట్లో తప్పనిసరి ఖర్చు అదే విలువలో 64 అయిందంటే, పైన ఏడో ఏడాదిలో ఎదురైన కొరత నాలుగో ఏడాదే ఎదురవుతుంది.